జాయినింగ్ వారం వాయిదా అడిగితే హెచ్‌ఆర్ పలకడం లేదా?

సమస్య: ఆఫర్ ఒప్పుకున్నాక ఇంట్లో ఎమర్జెన్సీ వచ్చింది. జాయినింగ్ వాయిదా వేయమని అడిగారు. అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు.

మా తమ్ముడికి ఇదే జరిగింది. 10వ తేదీ సోమవారం రుషికొండలో జాయినవ్వాలి. గురువారం రాత్రి గాజువాకలో నాన్నకు గుండెనొప్పి వస్తే ఆరిలోవలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని వాడు వాట్సాప్ పెట్టాడు: "మేడమ్, ఇంట్లో ఎమర్జెన్సీ, జాయినింగ్ కొన్ని రోజులు లేటవుతుంది." శుక్రవారం మధ్యాహ్నానికి రెండు నీలం టిక్కులు పడ్డాయి, అంతే.

కారణం: ఆ మేడమ్ ఇంటర్వ్యూ కుదిర్చిన కన్సల్టెన్సీ మనిషి. తేదీ మార్చే అధికారం ఆవిడకు లేదు. అంతకంటే పెద్ద తప్పు "కొన్ని రోజులు" అనడం. చేతిలో ఇంకో ఆఫర్ ఉన్నవాళ్లు కూడా సరిగ్గా ఇదే మాట అంటారు, హెచ్‌ఆర్ రోజూ వింటూనే ఉంటారు. పైగా ల్యాప్‌టాప్, ఇండక్షన్ అన్నీ ఒక తేదీకి ముడిపడి ఉంటాయి. కొత్త తేదీ చెప్పకపోతే వాళ్లు దేన్నీ కదపలేరు.

పరిష్కారం: ముందు డాక్టర్ని అడగండి. నాన్నకు స్టెంట్ వేశారు, రెండు మూడు రోజుల్లో పంపేస్తామన్నారు. ఇంటి దగ్గర ఇంకో మూడు రోజులు వేసుకుని 17వ తేదీ అనుకున్నాం. రెండోసారి వాయిదా అడిగితే నమ్మకం పోతుంది కాబట్టి మొదటిసారే సరిపడా అడగాలి.

మూడు గంటలకు తమ్ముడు ఆఫర్ లెటర్ పంపిన హెచ్‌ఆర్‌కి ఫోన్ చేశాడు. వెంటనే ఆ ఆఫర్ మెయిల్‌కే రిప్లై ఇచ్చి, మేనేజర్ని కాపీలో పెట్టాడు. రాసింది నాలుగే ముక్కలు: నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నారు, 10కి బదులు 17న, సోమవారం చేరతాను, డాక్యుమెంట్లన్నీ అప్‌లోడ్ చేశాను, కొత్త తేదీని మెయిల్‌లో ఖరారు చేయగలరు. రిపోర్టులు జతచేయలేదు, అడిగితే అడ్మిషన్ స్లిప్ చాలు. ఐదున్నరకి జవాబొచ్చింది.

ఫోన్‌లో "సరేనండి" అన్నారని ఊరుకోకండి. ఫలానా తేదీకి చేరకపోతే ఆఫర్ రద్దు అనే వాక్యం చాలా లెటర్లలో ఉంటుంది. మెయిల్‌లో 17 అనే అంకె కనిపించాలి.

కుదరదంటే తర్వాతి ఇండక్షన్ ఎప్పుడో అడగండి. అదీ లేకపోతే మొదట అనుకున్న తేదీకే వెళ్లి చేరి, మేనేజర్‌తో మాట్లాడి జీతం లేని సెలవు అడగడమే దారి.

మేం ఆలస్యంగా గమనించింది ఇన్సూరెన్స్ సంగతి. పాత కంపెనీ గ్రూప్ పాలసీ సాధారణంగా ఆఖరి పనిరోజుతో ఆగిపోతుంది, కొత్తది చేరాకే మొదలవుతుంది. తమ్ముడు బుధవారమే రిలీవ్ అయ్యాడు. బిల్లు మేమే కట్టుకున్నాం. మీరింకా నోటీసు పీరియడ్‌లోనే ఉంటే, కొత్త కంపెనీ ఒప్పుకున్నాక, రిలీవింగ్ కూడా వారం పొడిగించమని పాత హెచ్‌ఆర్‌ని అడగండి.