సోమవారం ఉదయం వార్డులో సిస్టర్లు తగ్గుతున్నారా? ముందు రోస్టర్ చూడండి

ఆసుపత్రి వార్డుల్లో ఒకట్రెండు రోజుల సిక్ సెలవుల గురించి, డ్యూటీ రోస్టర్ వేసే ఇన్‌చార్జ్ సిస్టర్ల కోసం రాస్తున్నాను. లెక్కలు సులభంగా అర్థం కావాలని ఊహించుకున్న ఒక వార్డు తీసుకుంటున్నాను.

సమస్య 1: సోమవారం ఉదయం ఫోన్లు మొదలు. "మేడమ్, జ్వరంగా ఉంది, రాలేను."

ఆదివారం కలిసొస్తుందని సెలవు పెడుతున్నారని వెంటనే అనిపిస్తుంది. అలా అనుకునే ముందు పన్నెండు వారాల రోస్టర్లు, హాజరు పట్టీ పక్కపక్కన పెట్టండి. ఎంతమంది రాలేదన్నదొక్కటే లెక్కపెడితే చాలదు. ఎన్ని డ్యూటీలు వేస్తే ఎన్ని ఖాళీ పడ్డాయో చూడాలి.

మన వార్డులో రోజూ ఉదయం ఐదుగురు ఉండాలి. పన్నెండు సోమవారాలకు 60 డ్యూటీలు. అందులో 9 ఖాళీ, అంటే 15 శాతం. మిగతా ఆరు రోజులకు కలిపి 360 డ్యూటీల్లో 14 ఖాళీ, 4 శాతం. సోమవారం తేడా ఉన్న మాట నిజమే.

ఇప్పుడు ఆ 60నే రెండుగా విడదీయండి. ముందు వారం నైట్ చేసి వచ్చినవాళ్లవి 24, మిగతావాళ్లవి 36. నైట్ నుంచి వచ్చినవాళ్లలో 7 ఖాళీ, 29 శాతం. మిగతావాళ్లలో 2 మాత్రమే, 6 శాతం కూడా లేదు.

*కారణం:* రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు వరుసగా ఆరు నైట్లు. ఆదివారం ఉదయం 8కి రిలీవ్ అవుతారు. రోస్టర్‌లో ఆ ఆదివారాన్నే వీక్లీ ఆఫ్‌గా రాస్తున్నాం. ఇంటికెళ్లి పడుకునేసరికి పగలు అయిపోతుంది, ఆ రాత్రి నిద్ర పట్టదు, సోమవారం ఉదయం 8కి మళ్లీ డ్యూటీ. 72 గంటలు పనిచేసిన మనిషికి మనం ఇచ్చింది సెలవు కాదు, నిద్రకు కొంచెం టైమ్.

ఒక జాగ్రత్త. ఆ ఏడూ ఎవరివో చూడండి. ఐదారుగురివైతే తప్పు రోస్టర్‌ది. అన్నీ ఒక్కరివే అయితే ఆ సిస్టర్‌తో విడిగా కూర్చుని మాట్లాడాల్సిన విషయం, దానికోసం రోస్టర్ అంతా మార్చక్కర్లేదు. 24 డ్యూటీలంటే చిన్న లెక్క. 7 బదులు 3 వచ్చి ఉంటే నేనైతే ఏ నిర్ణయానికీ రాను, ఇంకో పన్నెండు వారాలు చూస్తాను.

*పరిష్కారం:* ఆదివారాన్ని నైట్ ఆఫ్‌గా, సోమవారాన్ని వీక్లీ ఆఫ్‌గా రాయండి. మంగళవారం మధ్యాహ్నం 2 గంటల డ్యూటీతో మొదలుపెట్టించండి. దీనివల్ల సోమవారం ఉదయానికి ఇద్దరు తగ్గుతారు, అది దాచేది కాదు. కానీ ముందే తెలిసిన ఖాళీని పూడ్చడం ఉదయం 7:30కి వచ్చే ఫోన్ తర్వాత పూడ్చడమంత కష్టం కాదు. నైట్ చేయకుండా సోమవారం ఆఫ్ ఉన్న మిగతావాళ్లలో ఎవరైనా బుధవారానికి మార్చుకుంటారేమో అడగండి. ఒప్పుకుంటేనే మార్చండి. పన్నెండు వారాలయ్యాక మళ్లీ అదే లెక్క వేయండి.

సమస్య 2: ఒక సిస్టర్ స్కోరు అందరికన్నా చాలా ఎక్కువ

హెచ్ఆర్ వాళ్లు వాడే బ్రాడ్‌ఫర్డ్ స్కోరు ఇది:

```
B = S × S × D
```

S అంటే ఏడాదిలో ఎన్నిసార్లు సెలవు పెట్టారు, D అంటే మొత్తం ఎన్ని రోజులు. కాలు విరిగి ఒకేసారి పది రోజులు రానివాళ్లకు 1 × 1 × 10, అంటే 10. నెలకో రోజు చొప్పున పది సార్లు రానివాళ్లకు 10 × 10 × 10, అంటే 1000.

*కారణం:* రోజులు సమానమే, స్కోరు మాత్రం వంద రెట్లు. మైగ్రేన్, ఆస్తమా, సికిల్ సెల్ ఉన్నవాళ్లకు జబ్బు వచ్చే తీరే అంత, ఒకరోజు పడేసి మర్నాడు లేపుతుంది. పైగా సికిల్ సెల్ 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో ఉంది. స్కోరు చూసి ఆ మనిషికి మెమో ఇవ్వడం అన్యాయం, చట్టపరంగానూ చిక్కు.

*పరిష్కారం:* డాక్టరు కాగితం ఉన్న దీర్ఘకాలిక జబ్బు రోజులు, గర్భానికి సంబంధించిన రోజులు స్కోరులోంచి తీసేయండి. మిగిలినదాన్ని "ఏమైందమ్మా?" అని అడగడానికి మాత్రమే వాడండి. ఎక్కువ స్కోరు ఉందని అదనపు నైట్లు వేయకండి. పైన చూశాం కదా, నైట్ల తర్వాతే సెలవులు పెరిగాయి. అదనపు నైట్లు వేస్తే ఆ స్కోరు మనమే పెంచినట్టు. జబ్బు పేరు రోస్టర్ కాగితం మీద రాయకండి, అది నోటీసు బోర్డు మీద ఉంటుంది.

సమస్య 3: రోస్టర్ సరిచేసినా అప్పుడప్పుడు ఒకరు తగ్గుతూనే ఉన్నారు

ఆ నాలుగైదు శాతం పోదు, మనుషులకు జ్వరాలు వస్తాయి. ఒక్క వార్డుకు అదనంగా మనిషిని పెడితే చాలా రోజులు పని ఉండదు. అలాంటి నాలుగు వార్డులు కలిస్తే ఉదయానికి 20 డ్యూటీలు, సగటున ఒక ఖాళీ. నాలుగింటికీ కలిపి ఉదయం పూట ఒక రిలీవర్‌ను వేయండి, వంతులవారీగా. ఖాళీ లేని రోజు ఆ రిలీవర్‌ను ఏ వార్డులో రోగులు ఎక్కువుంటే అక్కడికి పంపండి.