చెరకు బిల్లు: కోత, రవాణా పోను మీకు ఎంత రావాలి, తక్కువ పడితే దరఖాస్తు ఎలా చేయాలి

చెరకు తోలిన రైతు ఖాతాలో డబ్బు పడిన రోజున చూసేది ఒక్క అంకెనే. ఆ అంకె ఎలా వచ్చిందో రాసిన బిల్లు షీటు చాలామంది చేతికే రాదు. వచ్చినా అందులోని మినహాయింపులను ఎవరూ చదివి చెప్పరు. అందుకే లెక్క ఎలా వేసుకోవాలో, తేడా కనిపిస్తే ఏ ఆఫీసులో ఏమి రాసి ఇవ్వాలో ఇక్కడ వివరంగా చెబుతున్నాను. ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రైతులను దృష్టిలో పెట్టుకుని రాసింది.

లెక్క ఇంతే: తూకం వేసిన టన్నులను టన్ను ధరతో గుణించాలి. అందులోంచి మీ తరఫున ఫ్యాక్టరీ పెట్టిన కోత ఖర్చు, రవాణా ఖర్చు తీసివేయాలి. మిగిలింది మీది. గొడవలన్నీ ఈ నాలుగింటి దగ్గరే వస్తాయి.

టన్ను ధర ఎక్కడి నుంచి వస్తుంది

కేంద్రం ఏటా చెరకుకు ఎఫ్‌ఆర్‌పీ అనే కనీస ధర ప్రకటిస్తుంది. ఫ్యాక్టరీ రైతుకు ఇంతకు తక్కువ ఇవ్వకూడదు. 2025-26 సీజన్‌కు 10.25 శాతం రికవరీ ఉన్న చెరకుకు క్వింటాలు 355 రూపాయలు, అంటే టన్ను 3,550. రికవరీ అంటే వంద కిలోల చెరకు గానుగాడితే వచ్చే చక్కెర కిలోలు. రికవరీ ప్రతి 0.1 శాతం పెరిగితే క్వింటాలుకు 3.46 రూపాయలు పెరుగుతుంది, తగ్గితే అంతే తగ్గుతుంది. 9.5 శాతం, అంతకంటే తక్కువ రికవరీ ఉన్న ఫ్యాక్టరీలకు మాత్రం 329.05 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఆ సీజన్‌లో ఎంత తక్కువ రికవరీ ఉన్న ఫ్యాక్టరీ అయినా టన్నుకు 3,290.50 కంటే తక్కువ కట్టకూడదు. ఈ అంకెలు ఆ ఒక్క సీజన్‌కే. మీరు తోలిన సీజన్ ధర ఏదో చూసుకుని లెక్క మొదలుపెట్టండి.

ఉత్తరప్రదేశ్, పంజాబ్ లాంటి రాష్ట్రాలు తమ సొంత ధర ప్రకటిస్తాయి. మన దగ్గర లెక్కకు ఆధారం ఎఫ్‌ఆర్‌పీయే. ఫ్యాక్టరీ అంతకంటే ఎక్కువ ఇస్తానని ఒప్పుకుంటే ఆ మాట కాగితం మీద ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఈ ధర ఫ్యాక్టరీ గేటు దగ్గరి ధర. చెరకు గేటు దాకా చేర్చే ఖర్చు రైతుది అన్న లెక్క మీదే కోత, రవాణా తీసివేస్తారు. అంటే మీరే కోత కూలీల ముఠాను పెట్టి, మీరే ట్రాక్టరు మాట్లాడి తోలితే తీసివేయడానికి ఏమీ ఉండదు. ఫ్యాక్టరీ ముఠాను పంపి, బండి మాత్రం మీరు పెట్టుకుంటే కోత మాత్రమే తీయాలి. ఇంత తేలికైన విషయంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. బిల్లు తయారు చేసే చోట లోడు లోడుకూ ఎవరు కోశారో చూడకుండా మొత్తం టన్నులకు ఒకే రేటు పెట్టేస్తుంటారు.

నరకక ముందే చేయవలసిన పని

ఫీల్డ్‌మన్ వచ్చి తోట రాసుకుని, అగ్రిమెంటు మీద సంతకం పెట్టించుకునే రోజే సగం పని పూర్తి చేసుకోవాలి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సులు ఇస్తాం కదా, అప్పుడే ఆ అగ్రిమెంటు నకలు అడిగి తీసుకోండి. అందులో మూడు విషయాలు వెతకండి: కోత రేటు టన్నుకు ఎంత, రవాణా రేటు ఎంత, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు. మూడోది చాలామంది వదిలేస్తారు. చెరకు నియంత్రణ ఉత్తర్వు, 1966 ప్రకారం చెరకు అప్పగించిన 14 రోజుల్లో డబ్బు కట్టాలి. అయితే ఇద్దరి మధ్య రాతపూర్వకంగా వేరే ఒప్పందం ఉంటే ఈ 14 రోజులు వర్తించవు. తెలియక సంతకం పెట్టిన ఒక్క వాక్యంతో వడ్డీ హక్కు పోవచ్చు. అందుకే చదివించుకుని సంతకం పెట్టండి.

కౌలు రైతులైతే అగ్రిమెంటు ఎవరి పేరున ఉందో డబ్బు ఆ పేరునే పడుతుంది. భూమి యజమానితో మాట్లాడి మీ పేరున రాయించుకోవడమే మేలు.

రవాణా రేటు దూరాన్ని బట్టి ఉంటే మీ ఊరి దూరం ఎన్ని కిలోమీటర్లుగా రాశారో అడగండి. మహారాష్ట్రలో ఫ్యాక్టరీలే కోత, రవాణా చేయించి, ఫ్యాక్టరీ మొత్తానికి అయిన ఖర్చు సగటును అందరి బిల్లుల్లోనూ తీసేస్తాయి. దాంతో దూరపు చెరకు ఖర్చు దగ్గరి ఊరి రైతు మీద పడుతోందని అక్కడి రైతులు ఏళ్లుగా గొడవ పడుతున్నారు. మీ అగ్రిమెంటులో 'వాస్తవ ఖర్చు' అని మాత్రమే రాసి అంకె లేకపోతే, అంకె వేయమని అడగడం మీ హక్కు.

కాటా దగ్గర

కటింగ్ ఆర్డర్ వచ్చాకే నరికించండి. నరికిన చెరకు ఎండలో పడి ఉంటే బరువూ తగ్గుతుంది, చక్కెరా తగ్గుతుంది. ఆ నష్టం బిల్లులో ఎక్కడా కనిపించదు.

ప్రతి లోడుకూ తూకం చీటీ తీసుకోండి. అందులో లోడుతో బరువు, ఖాళీ బండి బరువు, చెరకు బరువు మూడూ ఉండాలి. ఒకే ట్రాక్టరు, ఒకే ట్రాలీ వచ్చిన చీటీలను పక్కపక్కన పెట్టి ఖాళీ బరువులు చూడండి. డీజిలు తేడా కొంత ఉంటుంది. రెండు మూడు వందల కిలోల తేడా ఉంటే మాత్రం అక్కడికక్కడే అడగాలి. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర, దాని గడువు తేదీ ఉంటాయి. అనుమానం ఉంటే ఆ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. చెత్త పేరుతో బరువు తగ్గిస్తే ఎంత తగ్గించారో చీటీ మీదే రాయమనండి. చీటీల ఇంకు నెలల్లో వెలిసిపోతుంది, ఆ రోజే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

ఒక బిల్లు లెక్క

ఒక రైతు జనవరి 5, 2026న నాలుగు లోడ్లు తోలాడనుకుందాం: 10.2, 9.1, 9.5, 9.6 టన్నులు. మొత్తం 38.4 టన్నులు. ఫ్యాక్టరీ రికవరీ 9.5 శాతం లోపే, కాబట్టి టన్నుకు 3,290.50. మొత్తం విలువ 1,26,355.20 రూపాయలు. అగ్రిమెంటులో కోత టన్నుకు 850, రవాణా 420 అని ఉందనుకుందాం. ఈ రెండు రేట్లు లెక్క కోసం తీసుకున్నవే, మీ ఊళ్లో వేరుగా ఉంటాయి.

ఫ్యాక్టరీ ఇచ్చిన షీటులో 38.4 టన్నులకూ కోత 32,640, రవాణా 16,128 తీసేసి 77,587.20 చూపించారు. పైకి లెక్క సరిగ్గానే ఉంది. కానీ నాలుగో లోడు సమయానికి ముఠా వేరే తోటకు వెళ్లిపోవడంతో ఆ 9.6 టన్నులు రైతు తన కూలీలతోనే నరికించాడు. ఆ లోడు మీద కోత తీయకూడదు. 9.6ను 850తో గుణిస్తే 8,160 రూపాయలు. అది కలిపితే అతనికి రావలసింది 85,747.20.

ఇక ఆలస్యం. 14 రోజుల గడువు జనవరి 19తో అయిపోయింది. డబ్బు మార్చి 20న పడింది. అంటే 60 రోజుల ఆలస్యం. గడువు దాటిన రోజులకు ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలని అదే ఉత్తర్వు చెబుతోంది. 85,747.20 మీద 60 రోజులకు వడ్డీ 2,114.31. అసలు తేడాతో కలిపి ఇంకా రావలసింది 10,274.31 రూపాయలు. ఆ 8,160 మీద మార్చి 20 తర్వాత కూడా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఇది ఒక కుటుంబానికి తర్వాతి కార్శి తోట ఎరువుల ఖర్చులో మంచి భాగం. దాన్ని వదులుకోవలసిన అవసరం లేదు.

లోడ్లు వేర్వేరు రోజుల్లో తోలితే 14 రోజులు ప్రతి లోడుకూ విడిగా లెక్కపెట్టండి. బ్యాంకు అప్పు, ఫ్యాక్టరీ ఇచ్చిన విత్తనం, ఎరువు బాకీ తీసుకున్నా అవి షీటులో విడిగా కనిపించాలి, కోత ఖర్చులో కలవకూడదు. అప్పు పేరుతో తీసిన సొమ్ము బ్యాంకులో నిజంగా జమ అయిందో లేదో లోను స్టేట్‌మెంటులో చూడండి.

దరఖాస్తు

మొదట ఫ్యాక్టరీ కేన్ మేనేజరు పేరున రాసి ఇవ్వండి. నోటిమాటతో ఊరుకోవద్దు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీ, ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే అదే కాగితాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. జవాబు రాకపోయినా, వచ్చినా సమస్య తేలకపోయినా, మీ ఫ్యాక్టరీ ప్రాంతాన్ని చూసే అసిస్టెంట్ కేన్ కమిషనర్‌కు దరఖాస్తు పెట్టండి. నకలు కేన్ కమిషనర్‌కు పంపండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో గానీ, ఆంధ్రలో అయితే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో గానీ ఇవ్వవచ్చు. అక్కడ ఇస్తే నమోదు నంబరు దొరుకుతుంది.

రాత ఇలా ఉంటే చాలు:

"అయ్యా, నేను ఫలానా గ్రామ చెరకు రైతును. ఫలానా ఫ్యాక్టరీతో నా అగ్రిమెంటు నంబరు ఇది. 05-01-2026న నాలుగు లోడ్లలో 38.4 టన్నుల చెరకు అప్పగించాను. నాలుగో లోడు 9.6 టన్నులు నా సొంత కూలీలతో నరికించినా దాని మీద కూడా కోత ఖర్చు రూ. 8,160 మినహాయించారు. డబ్బు 60 రోజులు ఆలస్యంగా చెల్లించారు. చెరకు నియంత్రణ ఉత్తర్వు, 1966లోని 3(3), 3(3ఎ) క్లాజుల ప్రకారం మినహాయించిన సొమ్మును, 15 శాతం వడ్డీని ఇప్పించగలరని కోరుతున్నాను."

కింద లెక్క పట్టిక రాయండి. అగ్రిమెంటు, నాలుగు తూకం చీటీలు, బిల్లు షీటు, డబ్బు పడిన రోజు కనిపించే బ్యాంకు పేజీ, ఫ్యాక్టరీకి ఇచ్చిన కాగితం ముద్ర కాపీ జత చేయండి. సొంత కూలీలతో నరికించినట్టు రుజువు కావాలి. కూలీ డబ్బు ఫోన్‌పేలో ఇచ్చి ఉంటే ఆ స్క్రీన్‌షాటు, లేదా మేస్త్రీ సంతకం చేసిన కాగితం పనికొస్తుంది. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి.

ఒకే ఫ్యాక్టరీ మీద చాలామందికి బకాయి ఉంటే కలిసి వెళ్లడం మంచిదే, కానీ ప్రతి ఒక్కరి లెక్కా విడి కాగితం మీద ఉండాలి. ఉమ్మడి అర్జీలో పేర్లు మాత్రమే ఉంటే అధికారికి ఎవరికి ఎంతో తేల్చడానికి ఆధారం ఉండదు. ఫ్యాక్టరీ కట్టకుండా మొండికేస్తే, బకాయిని భూమి శిస్తు బకాయిలాగా కలెక్టర్ ద్వారా వసూలు చేయించే అధికారం అదే ఉత్తర్వు 3(8) క్లాజు కింద ప్రభుత్వానికి ఉంది. ఆ దాకా వెళ్లాలంటే బకాయి ఎంతో రాతలో తేలి ఉండాలి.

దరఖాస్తు పెట్టాక ఫ్యాక్టరీ అసలు మాత్రం కట్టి వడ్డీ ఎగ్గొట్టడం జరుగుతుంటుంది. అలా కొంత పడితే వెంటనే ఆఫీసుకు వెళ్లి, ఫలానా తేదీన ఇంత ముట్టింది, ఇంకా ఇంత రావాలి అని ఒక కాగితం ఇచ్చి ముద్ర వేయించుకోండి. లేకపోతే చెల్లింపు అయిపోయిందని రాసి మీ దరఖాస్తును మూసేసే అవకాశం ఉంది.