డబ్బు లెక్కలు, 4వ పాఠం: మూడు వాయిదాల బోనస్సా, ఇప్పుడే ఇచ్చే ఏకమొత్తమా?

పోయిన పాఠంలో ఏడాది తర్వాత వచ్చే 108 రూపాయలు, 8 శాతం వడ్డీ లెక్కన, ఈరోజు 100తో సమానమని చూశాం. ఈసారి అదే లెక్కను ఒక ఆఫర్ లెటర్ మీద వేద్దాం.

గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే మా తమ్ముడికి కంపెనీ రెండు దారులు చూపించింది. ఏటా 3 లక్షల చొప్పున మూడేళ్లలో 9 లక్షల రిటెన్షన్ బోనస్, లేదా ఇప్పుడే 7 లక్షలు. "రెండు లక్షలు ఊరికే వదులుకోమంటావా అన్నా?" అని వాడి ప్రశ్న.

ముందు వడ్డీ రేటు తేల్చాలి. చేతికి డబ్బొస్తే వాడు 8 శాతం హోమ్ లోన్‌లో కట్టేస్తాడు కాబట్టి వాడి రేటు 8. అప్పు లేనివాళ్లు ఎఫ్‌డీ వడ్డీలో పన్ను పోగా మిగిలేది తీసుకోవాలి.

ఇప్పుడు మొదటి 3 లక్షలను 1.08తో ఒకసారి, రెండోదాన్ని రెండుసార్లు, మూడోదాన్ని మూడుసార్లు భాగించండి. వరసగా 2,77,778, 2,57,202, 2,38,150 వస్తాయి. మొత్తం సుమారు 7,73,130. ఇదే ఆ 9 లక్షల నేటి విలువ. ఎక్సెల్‌లో అయితే:

```
=NPV(8%,300000,300000,300000)
```

ఈ ఫార్ములా మొదటి వాయిదా ఏడాది తర్వాతే వస్తుందని అనుకుంటుంది. మీ మొదటి వాయిదా ఈ నెలలోనే వస్తుంటే దాన్ని లోపల పెట్టకుండా బయట కలపాలి.

అంటే వాడు వదులుకునేది 2 లక్షలు కాదు, 73 వేలు. అదీ మూడేళ్లూ అక్కడే ఉంటేనే. వాయిదా తేదీన ఉద్యోగంలో ఉండాలని, నోటీసు పీరియడ్‌లో ఉంటే ఇవ్వమని లెటర్లో రాసి ఉంది. అందరూ తప్పేది ఇక్కడే.

"ఏడాది గడిచేసరికి అక్కడే ఉంటావా?" అంటే 85 శాతం అన్నాడు. ప్రతి ఏడాదికీ అదే 85 అనుకుని గుణిస్తే రెండో వాయిదా అందే అవకాశం 72 శాతం, మూడోది 61 శాతమే. ఒక్కో వాయిదా నేటి విలువను దాని శాతంతో గుణించి కలిపితే సుమారు 5,68,000. ఏకమొత్తమే నయం. రెండూ సమానం కావాలంటే ఏటా 95 శాతం నమ్మకం ఉండాలి. ఐటీలో అంత ధీమా ఎవరికుందో నాకైతే తెలియదు.

రెండు దారుల్లోనూ మొత్తం డబ్బు 30 శాతం శ్లాబులోనే పడితే పన్ను ఈ పోలికను మార్చదు. ఏకమొత్తం వల్ల పై శ్లాబులోకి వెళ్తే మాత్రం ఆ అదనపు పన్ను 7 లక్షల్లోంచి తీసేయాలి.

అయితే ఏకమొత్తానికీ షరతు ఉండొచ్చు. రెండేళ్లలోపు మానేస్తే తిరిగి కట్టాలని ఉంటే, ఎంత కట్టాలో చదవండి. 30 శాతం శ్లాబులో సెస్సు కూడా పోతే 7 లక్షల్లో చేతికొచ్చేది దాదాపు 4.8 లక్షలు. కొన్ని లెటర్లు మాత్రం పూర్తి 7 లక్షలూ వెనక్కి అడుగుతాయి. మా తమ్ముడు ఆ ఒక్క లైను గురించే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టాడు.

అభ్యాసం: వాయిదాలు 2, 3, 4 లక్షలైతే 8 శాతంతో నేటి విలువ ఎంత? 7,59,920 రావాలి.