రసీదులన్నీ ఉన్నా ప్రయాణ అడ్వాన్సు సర్దుబాటు తిరిగి వస్తోందా? రద్దయిన టికెట్టు చూడండి

ఖర్చుల పట్టిక రాయడం, రసీదులను తేదీల వరుసలో జతచేయడం, మిగులు సొమ్ము కట్టి క్యాషియరు వద్ద రసీదు తీసుకోవడం మీకు తెలిసిన పనులే అనుకుని ఇది రాస్తున్నాను. విజయవాడలో ఒక కార్యాలయపు అకౌంట్స్ సెక్షన్‌లో ఈ బిల్లులు చూసే నాకు తరచుగా ఎదురయ్యేది కూడికల తప్పు కాదు. బిల్లు ఇచ్చే ముందు చేయవలసిన ఒక చిన్న పనిని దాదాపు అందరూ వదిలేస్తారు. అడ్వాన్సు జమైన రోజు నుంచి బిల్లు ఇచ్చే రోజు వరకు బ్యాంకు స్టేట్‌మెంటు తీసి, ప్రయాణానికి సంబంధించిన ప్రతి పద్దునూ పట్టికతో సరిచూసుకోవాలి. ఖాతా నుంచి పోయినవి చూసేవారు కొందరైనా ఉంటారు గానీ, ఖాతాకు తిరిగి వచ్చినవి చూసేవారు చాలా అరుదు. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

లక్షణం: చేతిలో మిగిలిన డబ్బు పట్టికలోని మిగులు కంటే ఎక్కువగా ఉంది

కార్యాలయమే నేరుగా చెల్లించిన దాన్ని మీరు మీ ఖర్చుగా చూపారు. రానుపోను టికెట్లు ఆఫీసు వారు తీసి ఇచ్చినప్పుడు, లేదా లాడ్జి బిల్లు ఆఫీసు ఖాతా నుంచి కట్టినప్పుడు, ఆ కాగితం మీ ఫైలులో ఉంది కదా అని దాని మొత్తం కూడా పట్టికలోకి ఎక్కుతుంది. దాన్ని "కార్యాలయం చెల్లించినది" అని పేర్కొని, మొత్తంలో కలపకుండా విడిగా చూపితే చాలు.

లక్షణం: రసీదులన్నీ ఉన్నాయి, కూడిక సరిపోయింది, మిగులు కూడా కట్టారు, అయినా బిల్లు అభ్యంతరంతో తిరిగి వచ్చింది

ఇక్కడ ముందుగా అనుమానించవలసింది వెయిటింగ్ లిస్టు టికెట్టును. ఆన్‌లైన్‌లో తీసిన రైలు టికెట్టులో ఎవరికీ సీటు ఖరారు కాకుండా, చార్టు తయారైన తరువాత కూడా అందరూ వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోతే, ఆ టికెట్టు దానంతట అదే రద్దవుతుంది. ఒక్కొక్కరికి ₹60 క్లర్కేజీ, ఏసీ తరగతి అయితే దానిపై జీఎస్టీ కూడా మినహాయించుకుని, మిగతా ఛార్జీని చెల్లించిన ఖాతాకే వెనక్కి పంపుతారు. బుకింగ్ సమయంలో వసూలు చేసిన కన్వీనియెన్స్ ఫీజు మాత్రం తిరిగి రాదు. ఈ సొమ్ము కొన్ని రోజుల తరువాత గానీ ఖాతాలో పడదు కనుక, తిరిగి వచ్చిన మరునాడే బిల్లు పెట్టే క్రమశిక్షణ గల ఉద్యోగే ఇందులో ఎక్కువగా చిక్కుకుంటాడు. టికెట్టు ప్రింటు చేతిలో ఉంది, దాని మీద మొత్తం ఉంది, ఖాతా నుంచి డబ్బు పోయిన మాట నిజమే. అందువల్ల ఆయన మనస్ఫూర్తిగానే పూర్తి మొత్తాన్ని ఖర్చుగా రాస్తాడు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడ నుంచి చెన్నై వెళ్లి రావడానికి ఒక ఉద్యోగి ₹15,000 అడ్వాన్సు తీసుకున్నాడు. వెళ్లేందుకు ₹800 పెట్టి తీసిన రైలు టికెట్టు ఖరారు కాకపోవడంతో, ఆ రాత్రే పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో ₹1,150కి బస్సు టికెట్టు తీసుకుని వెళ్లాడు. లాడ్జికి ₹5,600, భోజనాలకు ₹1,850, చెన్నైలో ఆటోలకు ₹900, తిరుగు రైలుకు ₹800 అయ్యాయి. రద్దయిన టికెట్టుతో సహా అన్నీ కలిపి ₹11,100 చూపి, మిగులు ₹3,900 కట్టాడు. పట్టికలో ఎక్కడా తప్పు కనిపించదు. అయితే బిల్లు పరిశీలించేవారికి ఒకే రాత్రి, ఒకే ఊరికి, ఒకే మనిషి పేరు మీద రెండు టికెట్లు కనిపిస్తాయి. వారం తరువాత ఆయన ఖాతాలో ₹710 పడిందనుకుంటే, ఆ టికెట్టు మీద కార్యాలయానికి నిజంగా అయిన ఖర్చు ₹90 మాత్రమే. కాబట్టి అసలు ఖర్చు ₹10,390, కట్టవలసిన మిగులు ₹4,610. తేడా ఆ ₹710.

ఇది మీ బిల్లులో ఉందో లేదో తెలుసుకోవడానికి టికెట్టు ప్రింటును నమ్మకండి. ప్రింటు మీద ఉండేది బుక్ చేసిన నాటి స్థితి. తరువాత ఖరారైనా, రద్దైనా ఆ కాగితం మారదు. ఇందువల్ల నిజంగా ప్రయాణించినవారు కూడా వెయిటింగ్ లిస్టు అని ఉన్న ప్రింటు జతచేసి అభ్యంతరం తెచ్చుకుంటారు. చార్టు తయారైన తరువాత పీఎన్ఆర్ స్థితిని, లేదా బోగీ, బెర్తు నంబర్లతో వచ్చిన సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి. ప్రయాణం ముగిసిన కొన్ని రోజులకు పీఎన్ఆర్ వివరాలు తొలగిపోతాయి కాబట్టి, బిల్లు రాసేటప్పుడు చూసుకోవచ్చులే అనుకుంటే కుదరదు. అప్పటికీ టికెట్టు తీసిన లాగిన్‌లోని పాత బుకింగుల్లో రద్దు, వాపసు వివరాలు దొరికే అవకాశం ఉంది.

బిల్లు ఇంకా ఇవ్వకపోతే పరిష్కారం సులభం. టికెట్టును పూర్తి మొత్తంతో చూపి, దాని కిందనే వాపసు మొత్తాన్ని తీసివేసి, నికర నష్టాన్ని మాత్రమే ఖర్చులో కలపండి. రద్దు వివరాన్నీ, బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ పద్దునూ జతచేయండి. రైలు ఖరారు కాక బస్సులో వెళ్లినట్టు ఒక వాక్యం రాస్తే రెండు టికెట్ల ప్రశ్న కూడా తీరిపోతుంది. వాపసు ఇంకా రాకపోయినా, ఎంత వస్తుందో తెలిసినప్పుడు నికరంగానే చూపడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే తరువాత కడతానన్న మాట రెండు నెలలకు ఎవరికీ గుర్తుండదు. అంత సొమ్ము ముందుగా కట్టడం కష్టమైతే, వాపసు రావలసి ఉందని బిల్లు మీదనే రాసి సంతకం చేయండి. బిల్లు ఇప్పటికే ముగిసిపోయి ఉంటే పాత పట్టికను దిద్దకండి. పాత ఓచరు నంబరు ఉటంకిస్తూ ఒక అనుబంధ పట్టిక ఇచ్చి, ఆ ₹710 జమచేసి వేరే రసీదు తీసుకోండి.

టికెట్టు మీరు కాక మరొకరు తీసినప్పుడు చిక్కు ఇంకా ముదురుతుంది. వాపసు ప్రయాణికుడికి కాక, చెల్లింపు ఏ ఖాతా నుంచి జరిగిందో అక్కడికే పోతుంది. గుంటూరులో ఉన్న బావమరిది లాగిన్‌తోనో, వీధి చివరి ఏజెంటు ద్వారానో తీయించి వారికి నగదు ఇచ్చి ఉంటే, మీ స్టేట్‌మెంటు ఎంత వెతికినా ఆ పద్దు కనిపించదు. వారినే అడిగి తీసుకోవాలి. నలుగురు కలిసి ఒకే పీఎన్ఆర్ మీద వెళ్లినప్పుడు ఒక్కరికి ఖరారైనా మిగతావారి టికెట్లు వాటంతట రద్దు కావని కూడా గుర్తుంచుకోండి. అక్కడ వాపసు రాకపోవడం మామూలే, దాని కోసం ఎదురుచూడనక్కరలేదు.

లక్షణం: మిగులు కట్టినా మీ పేరు మీద అడ్వాన్సు బాకీ చూపిస్తోంది

డబ్బు చేరింది గానీ, అది ఏ అడ్వాన్సుదో ఎవరికీ తెలియలేదు. భార్య ఫోను నుంచి యూపీఐ ద్వారా పంపి, వివరాల గడిలో ఏమీ రాయకపోతే, ఆ మొత్తం గుర్తుతెలియని జమగా సస్పెన్స్ ఖాతాలో కూర్చుంటుంది. లావాదేవీ నంబరు, తేదీ, అడ్వాన్సు ఓచరు నంబరు ఒక కాగితం మీద రాసి ఇస్తే దాన్ని మీ పేరుకు మారుస్తారు. రెండోసారి డబ్బు మాత్రం కట్టకండి.

మిగతావి

లాడ్జి బిల్లు మీద వేరొకరి పేరు ఉండటం, అడ్వాన్సు రెండు విడతల్లో వచ్చి ఒకదాన్నే చూపడం అప్పుడప్పుడు జరుగుతాయి. స్టేట్‌మెంటు పక్కన పెట్టుకుని, బిల్లులు ఒకసారి తిరగేస్తే ఇవి బయటపడతాయి. మెషిన్ కాగితం మీద వచ్చే రసీదుల అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి కనుక, అదే రోజు జిరాక్స్ తీయించి అసలుకు జతచేయండి.