ఫ్రీలాన్సర్ పరిచయ ఈమెయిల్: జవాబు రాకపోతే తేడా ఎక్కడ కొట్టిందో ఇలా పట్టుకోండి

ఉదాహరణకు ఒక వెబ్ డిజైనర్ ఓ పళ్ల క్లినిక్ యజమానికి మెయిల్ రాస్తున్నారనుకుందాం. ఆ క్లినిక్ వెబ్‌సైట్‌లో ఫోన్ నంబరు ఒక బొమ్మలో ఇరుక్కుని ఉంది. మొబైల్‌లో చూసేవాళ్లు దాన్ని నొక్కినా కాల్ వెళ్లదు. అపాయింట్‌మెంట్ ఫారంలోనేమో 11 గడులు. ముందుగా ఒక చిన్న ట్రయల్ పనిగా ఈ రెండూ సరిచేస్తానని డిజైనర్ ప్రతిపాదన.

సమస్య: ఎంతమందికి పంపినా ఒక్క జవాబూ లేదు

మెయిల్‌లో మాటలు మార్చేముందు అది చేరుతోందో లేదో చూడాలి. మీ సొంత డొమైన్ నుంచి మీదే మరో Gmail ఖాతాకు పంపి, మెయిల్ తెరిచి, మూడు చుక్కల మెనూలో Show original నొక్కండి. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందా అని తేల్చే పరీక్షలైన SPF, DKIM, DMARC మూడింటి పక్కనా PASS ఉండాలి. లేకపోతే మీ మెయిల్ సేవ ఇచ్చే రికార్డులను డొమైన్ DNS సెట్టింగుల్లో చేర్చాలి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. కొత్త మెయిల్ సేవ తీసుకున్నప్పుడు పాత SPF రికార్డు పక్కనే రెండోది పెట్టేస్తారు. ఒక డొమైన్‌కు రెండు SPF రికార్డులుంటే పరీక్ష తప్పుతుంది. రెండింటినీ ఒకే లైనులో కలపాలి.

అన్నీ PASS అయినా స్పామ్‌లో పడుతుంటే అటాచ్‌మెంట్లు, కుదించిన లింకులు తీసేయండి. పోర్ట్‌ఫోలియో పీడీఎఫ్ మొదటి మెయిల్‌లో ఎవరూ తెరవరు. ముక్కూమొహం తెలియనివాళ్ల ఫైలు తెరవకపోవడమే తెలివైన పని కూడా.

సమస్య: మెయిల్ చేరింది, అయినా ఉలుకూ పలుకూ లేదు

చాలావరకు కారణం మొదటి వాక్యమే. "నేను ఇన్నేళ్ల అనుభవమున్న డిజైనర్‌ని" అని మొదలైతే అది ఏ దుకాణానికైనా పంపగలిగే ఉత్తరమని యజమానికి ఇట్టే తెలిసిపోతుంది. ఆయన వెబ్‌సైట్‌లో మీరు కళ్లారా చూసినదాన్ని ముందు పెట్టండి:

"డాక్టర్ గారూ, నమస్తే. మీ సైట్‌ను మొబైల్‌లో తెరిచి పైనున్న ఫోన్ నంబరు నొక్కితే కాల్ వెళ్లడం లేదు. అది బొమ్మలో భాగంగా ఉండటమే కారణం."

ఈ మాట నిజమో కాదో ఆయన అర నిమిషంలో తన ఫోన్‌లోనే తేల్చుకోగలరు. అందుకే పనిచేస్తుంది. "మీ సైట్ పాతబడింది" అంటే తేల్చుకోవడానికేమీ లేదు, పైగా నొచ్చుకుంటారు. సబ్జెక్ట్ లైన్ కూడా ఇంతే సూటిగా ఉండాలి: "మీ సైట్‌లో ఫోన్ నంబరు నొక్కితే కాల్ వెళ్లడం లేదు". మీ పరిచయం ఆ తర్వాత రెండు లైన్లలో, ఒక్క లింకుతో సరిపోతుంది.

సమస్య: "ఎంతవుతుంది?" అని అడిగి, ఆపై మాయమయ్యారు

ట్రయల్ పనికి హద్దు గీయలేదన్నమాట. "చిన్న పనితో మొదలుపెడదాం" అని రాస్తే ఆ చిన్న పని ఎంతో, ఎప్పటికి తెములుతుందో, తన సమయం ఎంత పోతుందో యజమానికి అంతుబట్టదు. ఉచితమన్నా ఇదే తంటా, పైగా వెనక ఇంకేదో ఉందన్న అనుమానం. ట్రయల్ వివరమంతా ఒకే పేరాలో ఇలా చెప్పేయండి:

"ఫోన్ నంబరును నొక్కగానే కాల్ వెళ్లేలా మారుస్తాను. ఫారంను 11 గడుల నుంచి 4కి తగ్గిస్తాను: పేరు, ఫోన్, రోజు, సమస్య. లాగిన్ అందాక 5 పనిదినాల్లో ఇస్తాను. ఒకసారి మార్పులు చెప్పవచ్చు. కొత్త పేజీలు, డిజైన్ మార్పులు ఇందులో లేవు. మీ నుంచి కావలసింది సైట్ లాగిన్, 15 నిమిషాల ఫోన్ కాల్. మొత్తం ఇంత, సగం ముందు, సగం పని చూశాక."

"ఇంత" ఉన్నచోట ఒకే అంకె వేయండి. "ఇంత నుంచి ఇంత వరకు" అని రాస్తే చదివేవారి కన్ను పెద్ద అంకె మీదే ఆగుతుంది. గంటల లెక్క ఇచ్చినా బిల్లు ఎక్కడ ఆగుతుందోనన్న భయం పోదు. లాగిన్ అడిగేటప్పుడు అసలు పాస్‌వర్డ్ మెయిల్‌లో పంపమనకండి. మీ కోసం వేరే ఖాతా తెరిచి, పని అయ్యాక తీసేయమనండి.

సమస్య: ట్రయల్ మొదలైంది, తెగడం లేదు

"పనిలో పనిగా ఫొటోలు కూడా మార్చేయండి" అన్న మాట వస్తుంది. పైన "ఇందులో లేవు" అన్న వాక్యం రాయకపోతే కాదనడానికి మీకు ఆధారమే ఉండదు. రాసి ఉంటే జవాబు తేలిక: "తప్పకుండా చేద్దాం. ఇది అప్పజెప్పాక దానికి విడిగా ధర పంపుతాను." పని ముగిసిందని ఎలా తేలుతుందో కూడా ముందే చెప్పండి. ఇక్కడైతే డాక్టర్ తన ఫోన్‌లో నంబరు నొక్కితే క్లినిక్ ఫోన్ మోగాలి, ఫారం నింపితే వివరాలు రిసెప్షన్ మెయిల్‌కు రావాలి.

సమస్య: మళ్లీ రాయాలా వద్దా?

ఐదారు పనిదినాలు ఆగి, పాత మెయిల్‌కే రిప్లై కొట్టి ఒకసారి రాయండి. పంపేముందు సైట్ మళ్లీ తెరిచి చూడండి. ఈలోగా వాళ్లే నంబరు సరిచేసుకుని ఉంటే, పాత పాటే పాడిన మీ మెయిల్ నవ్వులపాలవుతుంది. సమస్య అలాగే ఉంటే రెండు లైన్లు చాలు: "నంబరు ఇప్పటికీ కలవడం లేదు. వచ్చే సోమవారం మొదలుపెట్టగలను. అవసరం లేదంటే ఒక్క మాట చెప్పండి, మళ్లీ రాయను." దీనికీ జవాబు రాకపోతే మూడోది రాయకండి.