తెవెనిన్ వోల్టేజి బేస్ వోల్టేజి కాదు: ల్యాబ్ పరీక్షకు ముందు జాగ్రత్తలు

గత వారం మా ల్యాబ్‌లో ఒక విద్యార్థి ఆంప్లిఫయర్ కట్టాడు. అలలో పై సగం కోసుకుపోయింది. కలెక్టర్, ఎమిటర్ మధ్య 6 వోల్టులు రావాలని లెక్క వేసుకున్నాడు, మీటరు 8.7 చూపించింది. మూడు ట్రాన్సిస్టర్లు మార్చాడు. ట్రాన్సిస్టర్లలో లోపం లేదు, లెక్కలోనే ఉంది.

అతని సర్క్యూట్: సప్లై 12 వోల్టులు, R1 = 470 కిలో ఓములు, R2 = 100 కిలో ఓములు, RC = 3.3 కిలో ఓములు, RE = 1 కిలో ఓము, β = 100. పుస్తకంలో 47, 10 కిలో ఓములు ఉంటే, కరెంటు ఆదా అవుతుందని రెండింటినీ పదింతలు చేశాడు. నిష్పత్తి మారలేదు కనుక బేస్ దగ్గర 2.1 వోల్టులే ఉంటాయనుకున్నాడు.

ఆ 2.1 తెవెనిన్ వోల్టేజి. బేస్ తీగ ఊడదీస్తేనే అది కనిపిస్తుంది. తీగ కలపగానే బేస్ కరెంటు తెవెనిన్ నిరోధం గుండా వెళ్లాలి. ఆ నిరోధం R1, R2ల సమాంతర విలువ, ఇక్కడ 82.5 కిలో ఓములు.

```
IB = (VTH - VBE) / (RTH + (β+1)RE)
   = (2.105 - 0.7) / (82.5k + 101k) ≈ 7.66 µA
```

కలెక్టర్ కరెంటు 0.77 మిల్లీ ఆంపియర్లే వస్తుంది, అతను అనుకున్నది 1.4. తెవెనిన్ నిరోధం మీద 0.63 వోల్టు పడిపోయి, బేస్ దగ్గర 1.47 మాత్రమే మిగిలింది. మళ్లీ చెబుతున్నాను, తెవెనిన్ వోల్టేజి బేస్ వోల్టేజి కాదు.

తెవెనిన్ వోల్టేజినే బేస్ వోల్టేజిగా తీసుకునే దగ్గరి దారి లెక్క ఎప్పుడు చెల్లుతుంది? β × RE విలువ R2కు కనీసం పదింతలు ఉన్నప్పుడు. పుస్తకంలోని 10 కిలో ఓములకు అది సరిగ్గా పదింతలు, అయినా సుమారు 8 శాతం తేడా వస్తుంది. ఇతని సర్క్యూట్‌లో రెండూ సమానం. β 300 ఉన్న ట్రాన్సిస్టర్ పెడితే పుస్తకం సర్క్యూట్‌లో కరెంటు 6 శాతమే పెరుగుతుంది, ఇతనిదాంట్లో 40 శాతం దాటుతుంది. డివైడర్ బయాస్ పెట్టుకున్నదే β మారినా కరెంటు నిలకడగా ఉండాలని. ఆ ప్రయోజనం ఇక్కడ పోయింది.

రేపు బల్ల దగ్గర కూర్చునే ముందు:

- (β+1)తో గుణించాల్సింది REని. RTHని కాదు.
- REని గుణించడం మరిచిపోతే ఇదే సర్క్యూట్‌కు కలెక్టర్, ఎమిటర్ మధ్య 4.7 వోల్టులు వస్తాయి. చూడటానికి సరైన జవాబులాగే ఉంటుంది, అందుకే పట్టుబడదు.
- పాత ముల్లు మీటరును బేస్‌కు తగిలించకండి. 2.5 వోల్టుల రేంజిలో దాని నిరోధం 50 కిలో ఓములే అయితే రీడింగు సుమారు సగానికి పడిపోతుంది. ఎమిటర్ వోల్టేజి కొలిచి 0.7 కలపండి.
- VCE 0.2 దగ్గరికి వస్తే ట్రాన్సిస్టర్ సాచురేషన్‌లో ఉంది. అక్కడ β లెక్క పనిచేయదు.
- R1, R2 మార్చితే RTH మళ్లీ లెక్క కట్టండి.
- నిష్పత్తి అదే ఉన్నా లెక్క కట్టండి.
- తెవెనిన్ వోల్టేజిని బేస్ వోల్టేజి గడిలో రాయకండి.