స్ట్రిప్పులు తక్కువుంటే జంటగా వాడండి

షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవాళ్లు రోజూ పరగడుపున గ్లూకోమీటర్‌లో ఒక స్ట్రిప్ వాడేస్తుంటారు. దానివల్ల తెలిసేది తక్కువ. అవే స్ట్రిప్పుల్ని జంటగా వాడండి: భోజనానికి ముందు ఒకటి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఇంకొకటి. సోమవారం ఉదయం టిఫిన్‌కి, బుధవారం మధ్యాహ్నం, శుక్రవారం రాత్రి. వారానికి ఆరే.

ఉదాహరణకు రాత్రి భోజనానికి ముందు 118, తర్వాత 212 వచ్చిందనుకోండి. 94 పెరిగింది, అంటే మార్చాల్సింది ఆ పూట తిండి. అన్నం సగం చేసి, వచ్చే శుక్రవారం మళ్లీ అదే జంట చూడండి.

ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లు మాత్రం ఇలా పొదుపు చేయొద్దు. చెమట, వణుకు వస్తే షుగర్ పడిపోయి ఉండొచ్చు, వెంటనే చూసుకోవాల్సిందే.

మందుల ఖర్చు తగ్గాలంటే చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు పేరే రాయమని డాక్టర్‌ని అడగండి. జెనరిక్ కొనేటప్పుడు మిల్లీగ్రాములతో పాటు, మందు నెమ్మదిగా విడుదలవుతుందని చెప్పే ‘ఎస్ఆర్’ అనే అక్షరాలూ సరిపోవాలి, చాలామంది పొరబడేది అక్కడే.

మిగిలిన డబ్బు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకి దాచండి. షుగర్ అదుపులో ఉంటే ఆరు నెలలకోసారి, లేకపోతే మూడు నెలలకోసారి. ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, కంటి పరీక్ష మాత్రం మానకండి.